రాత్రి రెండింటికి వచ్చే ‘సారీ’ మెయిళ్ళు, 13 నెలల ఖాళీ: రోజు ఎలా గడుపుతున్నారు?

పాలకొల్లు_క్వాలిటీ
ఉద్యోగం పోయి 13 నెలలైంది. మెకానికల్ చదివి చెన్నైలో ఆటో విడిభాగాల కంపెనీలో క్వాలిటీలో మూడేళ్ళ రెండు నెలలు చేశాను. ఒక లైను మూసేసి మా జట్టు మొత్తాన్ని పంపేశారు. ఇప్పుడు పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో ఇంట్లోనే ఉన్నా. ఉద్యోగం దొరక్కపోవడం ఒక బాధ, ఆ మెయిళ్ళు ఇంకో బాధ. నిన్న రాత్రి 2:10కి ఫోను మోగింది. చూస్తే మామూలే, రెండో వాక్యం "Unfortunately" తో మొదలు. ఇక నాలుగింటి దాకా నిద్ర లేదు, పొద్దున పదింటికి లేచా. అమ్మ ఇడ్లీ మీద మూత పెట్టి ఉంచింది, అవి గట్టిపడిపోయాయి. నాన్న చెరువు మీద నుంచి వచ్చి నన్ను చూసి ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళాడు. తిట్టినా బాగుండేది.
అడగాలనుకున్నది ఇదీ. రాత్రి రెండింటికి ఎవడు కూర్చుని నా రెజ్యూమె చదివి వద్దనుకుంటున్నాడు? ఇలాంటి మెయిలు వచ్చిన రోజు మీరు ఏం చేస్తున్నారు? నాకైతే ఒక్క మెయిలుకి రోజంతా పోతోంది.

కొబ్బరాకు_నీడ
రాత్రి రెండింటికి మేలుకుని ఉండేది రెండు జాతులే తమ్ముడూ, రొయ్యల చెరువు కాపలావాళ్ళూ, కంప్యూటర్లూ. నిన్ను వద్దన్నది కాపలావాడు మాత్రం కాదు.

భీమవరం_ఏరేటర్
నువ్వు రోజుకి ఎన్ని అప్లికేషన్లు పెడుతున్నావు? నేను రోజుకి 50 పెట్టేవాణ్ణి. ఇది లెక్కల ఆట బ్రదర్, ఎక్కువ వలలు వేస్తే ఏదో ఒకటి పడుతుంది. ఇంకోటి, జాబ్ సైటులో ప్రొఫైలు రోజూ పొద్దున ఒక చుక్కో కామానో మార్చి సేవ్ చెయ్యి, పైకి వస్తావు. మెయిళ్ళు చదవకుండానే డిలీట్ కొట్టెయ్.

డీఎస్సీ_ఆశావహురాలు
అన్నయ్యా, మీరు ఏ మీడియం? 2025 డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, నాకు తృటిలో పోయింది. మళ్ళీ పడేసరికి సిద్ధంగా ఉండాలంటే ఇప్పుడే కోచింగ్‌లో చేరండి. మాకు మెయిళ్ళ బాధ లేదు, జాబితాలో మన నంబరు ఉండదు, అంతే.

కొబ్బరాకు_నీడ
ఆయ్, అతను మెకానికల్ అండీ. బీఈడీ కాదు.

డీఎస్సీ_ఆశావహురాలు
అయ్యో, సరిగ్గా చదవలేదు. పాలిటెక్నిక్ లెక్చరర్ పోస్టులైనా చూడండి మరి.

రావులపాలెం_రెక్రూటర్
హైదరాబాదులో ఆరేళ్ళు తయారీ కంపెనీలకి మనుషుల్ని వెతికిపెట్టే పని చేశాను. ఇప్పుడు పాపాయి పుట్టాక రావులపాలెంలో ఉన్నాను కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తా.

రాత్రి 2:10కి నీ రెజ్యూమె ఎవరూ చదవలేదు. ఆ ఉద్యోగం నిండిపోయో రద్దయిపోయో ఉంటుంది. రెక్రూటర్ సాయంత్రం ఆ పోస్టు మూసేసి, మిగిలిన అందరి పేర్ల మీదా ఒకేసారి "Not Selected" అని గుర్తు పెడుతుంది. సిస్టమ్ ఆ మెయిళ్ళన్నీ తన వరసలో, తన టైములో పంపుతుంది. కంపెనీ సర్వరు వేరే దేశం గడియారం మీద నడుస్తుంటే మనకి అది అర్ధరాత్రి అవుతుంది. నేనే ఒక బటన్‌తో 340 మందికి పంపాను ఒకసారి. అందులో నేను తెరిచి చూసినవి నలభై దాటవు. గర్వంగా చెప్పడం లేదు, జరిగేది చెప్తున్నా.

మెయిల్లో మాటలు చూడకు, అవి అందరికీ ఒకటే. "మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం" అన్నది కూడా అచ్చు వేసిన వాక్యమే. చూడాల్సింది ఒక్కటే, నువ్వు అప్లై చేసిన ఎంతసేపటికి వచ్చింది అని. గంటలోనో అదే రోజో వస్తే నువ్వు ఫారంలో నింపిన ఏదో జవాబు దగ్గర సిస్టమే ఆపేసింది. కొన్ని సైట్లు వెంటనే పంపకుండా రెండు మూడు రోజులు ఆగి పంపుతాయి, మనిషి చూసినట్టు ఉండాలని. రెండు మూడు వారాల తర్వాత వస్తే జాబితాలో ఉన్నావు గానీ నీ దాకా రాలేదు, లేదా చూసి పక్కన పెట్టారు. ఫోను మాట్లాడాక వస్తే అది మాత్రం నిన్ను చూసి చెప్పినది. ఈ మూడూ ఒకటే రకం మెయిలుగా కనిపిస్తాయి, కానీ మూడింటికీ మందు వేరు.

గత మూడు నెలలవి తీసి లెక్క వేసి పెట్టగలవా? డిలీట్ చెయ్యకుండా ఉంటేనే సుమా.

భీమవరం_ఏరేటర్
డిలీట్ చెయ్యమన్నది నేనే, ఏదో మనశ్శాంతికని చెప్పా.

లాకుల_వీర్రాజు
నాకు మెయిళ్ళ సంగతి తెలీదు, రోజు సంగతి చెప్తాను. మా నాన్న కాలువ మీద లస్కరు. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి లాకుల దగ్గర గేజి చూసి పుస్తకంలో రాసేవాడు. మధ్యలో రైతులు వచ్చి "నీళ్ళు తగ్గాయి, చూడు చూడు" అని లాగినా వెళ్ళేవాడు కాదు. "గంటగంటకీ చూస్తే నీళ్ళు పెరుగుతాయేంట్రా" అనేవాడు. వేసవిలో కాలువలు కట్టేశాక రాయడానికి నీళ్ళే ఉండవు. అయినా ఆరింటికి చొక్కా వేసుకుని గట్టు మీదకి పోయేవాడు. తూడు పీకించడం, తలుపుల పళ్ళకి గ్రీజు పెట్టించడం, ఏదో ఒకటి. ఇంట్లో ఉంటే తొమ్మిదింటి దాకా పడుకుని అమ్మతో గొడవ పెట్టుకుంటానని ఆయనే ఒప్పుకున్నాడు ఒకసారి.
నువ్వు ఫోను రాత్రి వేరే గదిలో పెట్టు బాబూ. ముందు అది చెయ్యి.

పాలకొల్లు_క్వాలిటీ
వీర్రాజు గారూ, అలారం ఫోన్లోనే కదండీ అనబోయాను. మా ఇంట్లో గోడ గడియారం పక్కన పాత అలారం బల్లగడియారం ఉంది, సెల్ వేస్తే తిరిగింది. సరే, పెట్టి చూస్తా.

రెక్రూటరక్కా, మొన్న రాత్రంతా కూర్చుని తీశాను (పడుకోవాల్సిందేమో). మూడు నెలల్లో 112 అప్లికేషన్లు. 72కి అసలు జవాబే లేదు. 38 సారీలు. ఫోన్లు వచ్చినవి 4, నాలుగూ మొదటి ఫోనుతోనే ఆగిపోయాయి. నువ్వన్నట్టు ఆ 38నీ విడదీశాను. అదే రోజు నుంచి మూడో రోజు లోపల వచ్చినవి 23, వారాల తర్వాత వచ్చినవి 13, ఫోను తర్వాత వచ్చినవి 2. మిగతా రెండు ఫోన్లవాళ్ళు సారీ కూడా చెప్పలేదు.

రావులపాలెం_రెక్రూటర్
23 చాలా ఎక్కువ. మూడేళ్ళ అనుభవం ఉన్నవాడికి 38లో అన్ని వెంటనే రాకూడదు. ఫారంలో ఏదో ఒకటే తప్పు ప్రతిసారీ నింపుతున్నావు. నోటీస్ పీరియడ్ ఏమని పెట్టావు? కరెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ ఏమని పెట్టావు? అక్షరాలా నువ్వు టైపు చేసింది చెప్పు, నువ్వు అనుకున్నది కాదు.

పాలకొల్లు_క్వాలిటీ
నోటీస్ పీరియడ్ ప్రొఫైల్లో ఉన్నదే. ఇప్పుడు తెరిచి చూశాను. "2 Months" అని ఉంది. చెన్నైలో ఉన్నప్పుడు పెట్టింది, మార్చలేదు.
కరెంట్ సీటీసీ 0. ఇప్పుడు జీతం లేదు కదా, అబద్ధం ఎందుకని.
ఎక్స్‌పెక్టెడ్ 450000.

రావులపాలెం_రెక్రూటర్
ఆ చివరిది ఎక్కడ నింపావు? ఆ గడి పక్కన "in lakhs" అని గానీ "LPA" అని గానీ ఉందా?

పాలకొల్లు_క్వాలిటీ
...ఉంది. చాలావాటిల్లో ఉంది.

కొబ్బరాకు_నీడ
అంటే సంవత్సరానికి నాలుగున్నర లక్షల లక్షలు అడిగాడు. ఇచ్చేవాడే, బ్యాంకులో చిల్లర లేక ఆగాడు.

గట్టు_మీద_గోవిందు
ధవళేశ్వరం బ్యారేజీ ఇంకోటి కట్టించొచ్చు ఆ జీతంతో 😂

రావులపాలెం_రెక్రూటర్
నవ్వకండి, ఇది నేను వారానికి ఒకటి చూసేదాన్ని. ఇప్పుడు మా వైపు నుంచి ఎలా ఉంటుందో విను. నాకు ఒక పోస్టుకి 400 మంది వస్తే నేను ముందు మూడు జల్లెడలు పెడతాను. జీతం 3 నుంచి 6, నోటీసు 30 రోజుల లోపు, అనుభవం 2 నుంచి 5. నీది మొదటి జల్లెడలో పోయింది. అది దాటినా రెండోదాంట్లో పోయేది, ఎందుకంటే రేపే చేరగలవాడివి రెండు నెలలు పడుతుందని రాసుకున్నావు. నీకున్న ఒకే ఒక్క ఎక్కువ సౌకర్యాన్ని నువ్వే దాచేశావు.
కరెంట్ సీటీసీలో 0 పెడితే కొన్ని ఫారాలు ఫ్రెషర్ కింద లెక్కేస్తాయి. చివర తీసుకున్న జీతం పెట్టు, మాటల్లో రాసే చోటు ఉంటే "చివరి జీతం, ఇప్పుడు పనిలో లేను" అని రాయి. అది అబద్ధం కాదు. నోటీసు "15 Days or less" చెయ్యి. జీతం గడిలో 4.5.
ఆ 23లో ఎన్ని దీనివల్ల పోయాయో చెప్పలేను. కొన్నింటికి ఊరు వేరు, కొన్నింటికి అయిదేళ్ళు అడిగి ఉంటారు. కానీ ఇవి దిద్దకుండా రోజుకి 50 పెడితే 50 సార్లు అదే తప్పు పంపినట్టు.

భీమవరం_ఏరేటర్
నా మీదకే వస్తోంది. కానీ అక్కా, నేను 600 పెట్టాకే ఉద్యోగం వచ్చింది, అది నిజం.

రావులపాలెం_రెక్రూటర్
ఆ 600లో ఏ నంబరుకి వచ్చింది?

భీమవరం_ఏరేటర్
...నా రూమ్మేటు రిఫర్ చేశాడు.

కొబ్బరాకు_నీడ
ఈ వేదికకి మెరైన్ పోలీసుల్ని పిలవండి, వల మొత్తం ఖాళీ.

భీమవరం_ఏరేటర్
ప్రొఫైలు రోజూ ముట్టుకోమన్నది మాత్రం తప్పు కాదు, ఒప్పుకో.

రావులపాలెం_రెక్రూటర్
ఒప్పుకుంటా, సగం. మేం వెతికేటప్పుడు "ఈ మధ్య చురుగ్గా ఉన్నవాళ్ళు" అని వడకడతాం, అందులోకి వస్తావు. కానీ లోపల మేం వెతికే మాట లేకపోతే పైన ఉండి ఏం లాభం? పాలకొల్లూ, నీ రెజ్యూమెలో మొదటి ఉద్యోగం కింద ఏం రాశావు?

పాలకొల్లు_క్వాలిటీ
"క్వాలిటీ పనులన్నీ చూసుకున్నాను" అని ఇంగ్లిషులో.

రావులపాలెం_రెక్రూటర్
సీఎంఎం మీద కొలిచావా? పీపీఏపీ ఫైళ్ళు కట్టావా? కస్టమర్ కంప్లయింటుకి 8డి రాశావా?

పాలకొల్లు_క్వాలిటీ
మూడూ చేశాను. 8డి అయితే కనీసం ఇరవై రాసి ఉంటా.

రావులపాలెం_రెక్రూటర్
మరి అవి రాయి. నేను వెతుకుడు గడిలో టైపు చేసేది ఆ మూడు మాటలే. "పనులన్నీ" అని ఎవరూ టైపు చెయ్యరు.

అమలాపురం_అమ్మ
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా వాడికి తొమ్మిది నెలలు. వాడి గది తలుపు వేసే ఉంటుంది. నేను "ఏమైనా వచ్చిందా నాన్నా" అని రోజూ అడుగుతాను, ప్రేమతోనే. నిన్న అన్నం కంచం తోసేశాడు. అడగకపోతే పట్టించుకోవట్లేదనుకుంటాడేమోనని భయం. పాలకొల్లు బాబూ, మీ నాన్న ఏమీ అనడు, తిట్టినా బాగుండేది అన్నావు. మరి మేం అడగాలా మానాలా?

పాలకొల్లు_క్వాలిటీ
అమ్మా, నిజం చెప్పాలంటే రోజూ అడిగితే రోజూ "లేదు" అని చెప్పాలి. రోజుకి రెండు సారీలన్నమాట, ఒకటి మెయిల్లో, ఒకటి వంటింట్లో. అస్సలు అడగకపోతే ఇంట్లో దెయ్యంలా ఉంటుంది. వారానికి ఒక రోజు పెట్టుకుంటే బాగుంటుందేమో, ఆదివారం అనుకోండి, అప్పుడు వాడే చెప్తాడు. మిగతా రోజులు వేరే ఏదైనా అడగండి. కరెంటు బిల్లు కట్టమనండి, దెబ్బలాడైనా కడతాడు.

మురమళ్ళ_సీత
ఇది బాగుంది. మా అత్తగారికి చూపిస్తా. పెళ్ళయి ఏడాది, ఎంబీఏ చేసి ఇంట్లో ఉన్నా. "మీ కోడలు ఖాళీయేనా" అని సంక్రాంతికి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగారు. ఖాళీయే, మీరు తిన్న అరిసెలు వాటంతటవే వేగాయి మరి.
కానీ రెక్రూటర్ గారితో ఒక చోట ఏకీభవించను. ఈ లెక్క కట్టడం అందరికీ పడదు. నేను ఎక్సెల్లో పెట్టుకున్నాను, ఎర్ర గడులు పెరుగుతుంటే చూసి చూసి ఇంకా కుంగిపోయా. పొద్దున లేవగానే ఆ ఫైలు తెరవడం ఒక జబ్బు అయిపోయింది. తీసేశాక ప్రాణం తేలిక పడింది.

రావులపాలెం_రెక్రూటర్
అవును, అలా జరుగుతుంది. రోజూ తెరవడానికి కాదు, నెలకోసారి చూస్తే చాలు. అయినా నీకు పడకపోతే వద్దు.

మురమళ్ళ_సీత
నెలకోసారి తెరవడం నావల్ల కాదని నాకు తెలుసండి. ఫ్రిజ్‌లో పూతరేకులు పెట్టి నెలకోసారి తినమన్నట్టు.

కాకినాడ_కంప్యూటర్లు
మెయిళ్ళ సమస్యకి చిన్న ఏర్పాటు చెప్తా. జీమెయిల్లో వెతికే గడి పక్కన ఉన్న గుర్తు నొక్కితే ఒక ఫారం వస్తుంది. అందులో "Has the words" దగ్గర ఇది పెట్టండి:

```
"unfortunately" OR "other candidates" OR "not to move forward"
```

తర్వాత "Create filter" నొక్కి, "Skip the Inbox" టిక్ పెట్టి, "Apply the label" దగ్గర ఏదో పేరు ఇవ్వండి. నేను "సాయంత్రం" అని పెట్టుకున్నా. ఆ మాటలున్న మెయిళ్ళు ఇన్‌బాక్సులో కనపడకుండా నేరుగా అక్కడికి పోతాయి, ఫోనూ మోగదు. రోజుకోసారి మీకు వీలైన టైములో తెరుచుకోండి. ఇది కంప్యూటర్లోనే పెట్టాలి, ఫోను యాప్‌లో కుదరదు.

గట్టు_మీద_గోవిందు
ఆగండాగండి. ఇది నేను నిరుడు పెట్టుకుని దెబ్బ తిన్నా. విజయవాడలో ఒక ఇంటర్వ్యూ బుధవారం ఉంది. మంగళవారం వాళ్ళు "Unfortunately the panel is not available tomorrow, రేపు కాకుండా గురువారం రండి" అన్నట్టు పంపారు. ఆ ఒక్క మాటకి అది ఫిల్టర్‌లో పడిపోయింది. నేను మూడు రోజులకోసారి ఆ లేబుల్ తెరిచేవాణ్ణి. రాజమండ్రిలో పొద్దున బండెక్కి, ఇస్త్రీ చొక్కాతో వెళ్ళి, గేటు దగ్గర సెక్యూరిటీ అతను "రేపు కదండీ" అంటే వెనక్కొచ్చా. గురువారం మళ్ళీ వెళ్ళడానికి డబ్బుల్లేక ఫోన్లో చెయ్యండని బతిమాలా. వాళ్ళు చేశారు గానీ ఉద్యోగం రాలేదు.
కాబట్టి పెట్టుకుంటే రోజూ తెరవాల్సిందే. స్పామ్ కూడా. నాకు ఒక పిలుపు స్పామ్‌లో దొరికింది, అప్పటికి గడువు దాటి రెండు రోజులు.

కాకినాడ_కంప్యూటర్లు
నిజమే, నేను ఆలోచించలేదు. అప్లై చేసిన కంపెనీ నుంచి ఇంటర్వ్యూ ఖాయమయ్యాక వాళ్ళ అడ్రసుని ఫిల్టర్ నుంచి తప్పించుకోవచ్చు, కానీ అంత గుర్తుపెట్టుకుని చేసేవాళ్ళు తక్కువ. రోజూ తెరవడమే మేలు.

పాలకొల్లు_క్వాలిటీ
నేను ఇలా అనుకుంటున్నా. ఫోన్లో జీమెయిల్ నోటిఫికేషన్ తీసేస్తా. పొద్దున పదకొండుకి ఒకసారి, సాయంత్రం అయిదుకి ఒకసారి చూస్తా, పదకొండుకి ఇన్‌బాక్సూ స్పామూ, అయిదుకి ఆ "సాయంత్రం" లేబుల్ కూడా. ఇంటర్వ్యూ పిలుపు ఫోనుకే వస్తుంది కదా, రింగు మాత్రం పెద్దగా పెట్టుకుంటా.

లాకుల_వీర్రాజు
గేజి పుస్తకం తెరిచావన్నమాట. పొద్దున పదకొండు దాకా ఏం చేస్తావు?

పాలకొల్లు_క్వాలిటీ
ఆరింటికి నాన్నతో చెరువు మీదకి వెళ్దామని ఉంది. మేత చెక్‌ట్రే తీసి చూడటం, ఏరేటర్లు ఆపడం. తొమ్మిదింటికి ఇంటికి వచ్చి టిఫిను. తర్వాత రెండు గంటలు రోజుకి మూడే అప్లికేషన్లు, కానీ ఒక్కోదానికి రెజ్యూమె మార్చి. అంతకన్నా పెద్ద ప్లాను వేస్తే మూడో రోజుకి ఎగ్గొడతానని నాకు తెలుసు.

రావులపాలెం_రెక్రూటర్
చాలు. ఇప్పుడు ఆ నాలుగు ఫోన్ల సంగతి. ఖాళీ ఎందుకొచ్చిందని అడిగితే ఏం చెప్పావు?

పాలకొల్లు_క్వాలిటీ
నాన్నకి ఒంట్లో బాగోలేక ఊరికొచ్చానని. తీసేశారంటే చిన్నచూపు చూస్తారని.

రావులపాలెం_రెక్రూటర్
అక్కడ పోయింది. తర్వాత రిలీవింగ్ లెటర్ అడుగుతారు, అందులో కారణం వేరే ఉంటే మాట తప్పినట్టు. పైగా అవతలివాళ్ళు "నాన్నగారికి ఇప్పుడెలా ఉంది, మళ్ళీ వెళ్ళాల్సొస్తుందా" అని ఆలోచిస్తారు. నేనైతే ఆలోచించేదాన్ని. "లైను మూసేశారు, మా జట్టు మొత్తాన్ని తీసేశారు, వెంటనే చేరగలను." ఇంతే, ఇక్కడ ఆపెయ్. నువ్వు ఆపాక వచ్చే మౌనం భయపెడుతుంది, అది నింపడానికి ఇంకా మాట్లాడకు. మన గోదావరి వాళ్ళకి అదే కష్టం.

కొబ్బరాకు_నీడ
మౌనమా, అదేం కూర?

అమీర్‌పేట_రిటర్న్
ఇంత గొడవెందుకు, హైదరాబాదులో కన్సల్టెన్సీలు ఏడాదికి ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్పులు ఇస్తాయి. గ్యాప్ కనపడదు. నా ఫ్రెండ్సులో చాలామంది అలాగే చేరారు.

రావులపాలెం_రెక్రూటర్
అతనికి చెన్నైలో పీఎఫ్ కట్టారు, అంటే యూఏఎన్ ఉంది. వెరిఫికేషన్ వాళ్ళు అందులో సర్వీస్ హిస్టరీ అడుగుతారు. ఏ కంపెనీ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కట్టిందో తేదీలతో ఉంటుంది. లెటర్లో ఉన్న కంపెనీ అక్కడ లేకపోతే చేరిన ఆరు నెలల తర్వాతైనా తీసేస్తారు. అలా తీసేసిన వాళ్ళకి నేనే ఫోను చేసి చెప్పాల్సి వచ్చింది రెండుసార్లు. 13 నెలల ఖాళీకి వాడు జవాబు చెప్పగలడు, దానికి మాత్రం చెప్పలేడు.

అమీర్‌పేట_రిటర్న్
అందరూ చెక్ చెయ్యరు కదా.

రావులపాలెం_రెక్రూటర్
అందరూ చెయ్యరు. ఎవరు చేస్తారో ముందు తెలీదు.

తణుకు_తాతబ్బాయి
ఒక మాట. అన్ని సారీలు తిన్నాక "Congratulations" అని వచ్చే మెయిలు దగ్గర జాగ్రత్త. నాకు 40 సారీల తర్వాత ఒక ఆఫర్ లెటర్ వచ్చింది, ఇంటర్వ్యూ వాట్సాప్‌లోనే అయిపోయింది. లాప్‌టాప్ డిపాజిట్ 6,800 పంపమన్నారు, చేరాక తిరిగిస్తారట. మామూలు మనిషినైతే అడ్రసు చూసేవాణ్ణి, అది ఉత్త జీమెయిల్. ఆ రోజు నేను మామూలు మనిషిని కాదు, ఇంట్లో పాయసం కూడా వండించా. పంపేశా. 1930కి ఫోను చేశాను గానీ మర్నాడు చేశా, డబ్బు రాలేదు. వెంటనే చేస్తే ఆపగలిగే అవకాశం ఎక్కువట.

గట్టు_మీద_గోవిందు
పాయసం మాట చదివి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది అన్నా.

నరసాపురం_నర్సు
పాలకొల్లు బాబూ, రాత్రి నాలుగింటి దాకా నిద్ర లేదన్నావు, అది అప్పుడప్పుడా రోజూనా? మా తమ్ముడికి ఇలాగే మొదలై, తిండి మానేసి, గుండె దడ అని ఈసీజీలు తీయించుకుంటూ తిరిగాడు, అన్నీ బాగానే ఉండేవి. చివరికి మానసిక వైద్యుడి ఓపీకి తీసుకెళ్తే మూడు నెలల మందులతో తేరుకున్నాడు. రెండు వారాలుగా రోజూ ఇలాగే ఉంటే రొటీన్‌తో సర్దుకుంటుందిలే అనుకోకు. 14416కి ఫోను చెయ్యి, టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అమలాపురం అమ్మగారూ, మీ అబ్బాయి కంచం తోసేశాడన్నారు, మీరే చేసి అడిగినా చెప్తారు.

అమలాపురం_అమ్మ
రాసుకున్నానమ్మా. ఆదివారం మాట మా వాడికి చెప్తే "సరే" అన్నాడు. తలుపు మాత్రం ఇంకా వేసే ఉంది.

పాలకొల్లు_క్వాలిటీ
నర్సు గారూ, వారానికి మూడు నాలుగు రాత్రులు. గుర్తుంచుకుంటాను.

పాలకొల్లు_క్వాలిటీ
12 రోజుల తర్వాత వస్తున్నా. చెరువు మీదకి 12లో 8 రోజులే వెళ్ళాను. ఒకరోజు వాన, మూడు రోజులు నా బద్ధకం. అప్లికేషన్లు 29 పెట్టా, అన్నీ దిద్దిన ఫారంతో. మూడు రోజుల లోపల వచ్చిన సారీలు 2. ఫోన్లు 3.

భీమవరం_ఏరేటర్
మూడు నెలల్లో 4, పన్నెండు రోజుల్లో 3! 4.5 మహత్యం.

రావులపాలెం_రెక్రూటర్
ఇది చిన్న లెక్క, నెల నిండాక చూద్దాం. ఫోన్లు ఎలా జరిగాయి?

పాలకొల్లు_క్వాలిటీ
మొదటిదాంట్లో మళ్ళీ పాత పాటే వచ్చేసింది, నాన్న ఆరోగ్యం దాకా వెళ్ళి ఆగా. రెండోదాంట్లో మూడు ముక్కలు చెప్పి ఆపేశా. అవతల ఆయన ఓ నాలుగు సెకన్లు ఏమీ అనలేదు, నాకు చెమట పట్టింది. తర్వాత "8డి మీరే రాసేవారా" అని అడిగాడు. ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడాం. తడ వైపు కంపెనీ, రెండో రౌండు వచ్చే మంగళవారం. మూడోదానికి సారీ వచ్చింది, రాత్రి 11:40కి పంపారట. నేను మర్నాడు సాయంత్రం అయిదుకి చూశా.
అప్పుడు అమ్మ టీ తెచ్చి పక్కనే నిలబడింది. ఏం రాశారని అడిగితే తెలుగులో చదివి వినిపించా. మీరు మా కోసం సమయం కేటాయించినందుకు కృతజ్ఞతలు, మీ నైపుణ్యం మమ్మల్ని ఆకట్టుకుంది, మీ భవిష్యత్తు బాగుండాలి అని. అమ్మ అంతా విని, "మరి ఇంత మంచోళ్ళు ఉద్యోగం ఎందుకివ్వలేదురా" అంది. నాకు నవ్వాగలేదు, టీ ఒలికింది.

కొబ్బరాకు_నీడ
మీ అమ్మగారి ప్రశ్న ఆ కంపెనీకి ఫార్వర్డ్ చెయ్యి. no-reply అడ్రసే అనుకో, అయినా చెయ్యి.

లాకుల_వీర్రాజు
మంగళవారం ఏ బండికి వెళ్తున్నావు?

పాలకొల్లు_క్వాలిటీ
వీడియోలోనేనండి. మా ఇంట్లో సిగ్నల్ రాదు, భీమవరం అన్నయ్య వాళ్ళ ఇంటికి రమ్మన్నాడు, అక్కడికి వెళ్తున్నా.

భీమవరం_ఏరేటర్
రా. ఏరేటర్ల మోత వినపడని గది ఒక్కటుంది, ఫ్యాను మాత్రం తిరగదు. చొక్కా రెండు తెచ్చుకో.